విదేశంలో ఉద్యోగానికి వెళ్తున్న స్నేహితుడికి నాలుగు మాటలు రాయడం ఎలా?

ఇచ్ఛాపురం నుంచి పలాస దాకా ఉద్దానం పల్లెల్లో వెల్డర్లుగా, ఫిట్టర్లుగా, రిగ్గర్లుగా గల్ఫ్ దేశాలకు వెళ్ళినవారు లేని ఊరు అరుదు. విజయనగరం వైపు నుంచి నర్సులుగా, కంప్యూటర్ ఉద్యోగాల మీద వెళ్ళేవారు కూడా తక్కువేమీ కాదు. అందువల్ల ఒకే ప్రశ్న పదే పదే వస్తూ ఉంటుంది: "మావాడు వచ్చే వారం వెళ్ళిపోతున్నాడు, వాడికి ఏదో ఒకటి రాసి పంపాలి, ఏం రాయమంటారు?" అడిగేవారికి మాటలు లేక కాదు, ఉన్న మాటలన్నీ ఒకేసారి మీద పడడం వల్ల ఈ ఇబ్బంది వస్తుంది. వాడు అంత దూరం వెళ్ళగలిగినందుకు గర్వంగా ఉంటుంది, ఇక రోజూ కనబడడన్న దిగులు ఉంటుంది, అక్కడ ధైర్యంగా ఉండాలన్న కోరిక కూడా ఉంటుంది. మూడింటినీ నాలుగైదు వాక్యాల్లో, ఒకటి మరొకదాన్ని మింగేయకుండా ఎలా పెట్టాలో ఇక్కడ వరుసగా చెబుతాను. ఉద్దానం నుంచి ఖతార్‌కు వెల్డర్‌గా రెండేళ్ళ కాంట్రాక్టు మీద వెళ్తున్న ఒక స్నేహితుణ్ణి ఉదాహరణగా తీసుకుని, అతనికి పంపే సందేశాన్ని మొదటి నుంచి చివరి వరకు తయారు చేద్దాం.

కావలసినవి

రాయడం మొదలుపెట్టే ముందు ఒక కాగితం మీద ఈ నాలుగు విషయాలు రాసి పెట్టుకోండి. ఇవి లేకుండా కూర్చుంటే చేతికి వచ్చేవి ఎవరికైనా సరిపోయే మాటలే.

మొదటిది, అతని పనిలో మీరు కళ్ళారా చూసినది గానీ, నమ్మకంగా విన్నది గానీ ఒక సంగతి. రెండవది, అతను లేకపోతే మీ రోజులో గానీ మీ ఏడాదిలో గానీ ఖాళీ అయ్యే ఒక చోటు. మూడవది, అతని తరఫున ఇక్కడ మీరు నిజంగా చేయగలిగిన ఒక పని. నాలుగవది, ప్రయాణపు వివరాలు, అంటే ఏ రోజు ఏ రైలు ఎక్కుతున్నాడు, విమానం విశాఖపట్నం నుంచా లేక హైదరాబాదు నుంచా, దిగే దేశంలో సమయం మనకంటే ఎంత వెనుక, అక్కడ సెలవు ఏ రోజు.

మన ఉదాహరణలో మొదటి సంగతి సిక్స్ జీ పరీక్ష. పైపును నలభై అయిదు డిగ్రీల వాలులో కదలకుండా బిగించి, దాని చుట్టూ తానే తిరుగుతూ వెల్డింగ్ చేసి చూపించవలసిన పరీక్ష అది. పైపును తిప్పుకునే వీలు లేదు కాబట్టి ఒకే జాయింటులో కింది నుంచి, పక్క నుంచి, పై నుంచి అన్ని రకాలుగానూ చేయి నిలబడాలి. పైకి నున్నగా కనబడినా లోపల గాలి బుడగ మిగిలిందేమోనని ఎక్స్‌రే తీసి చూస్తారు. మన స్నేహితుడు ఆ పరీక్షలో నెగ్గాడు. రెండవ సంగతి జీడితోట: వేసవిలో పిక్కల బస్తాలు ఎత్తేటప్పుడు రెండో కొస పట్టేది అతనే. పలాస వైపు బస్తా అంటే ఎనభై కిలోలు, కాబట్టి రెండో కొస పట్టే మనిషి లేకపోతే ఆ లోటు మాటల్లో చెప్పనక్కర లేదు. మూడవది, అతని తండ్రిని నెలకు ఒకసారి పలాస ఆసుపత్రికి తీసుకువెళ్ళవలసి ఉంది. నాలుగవది, ఖతార్ సమయం మనకు రెండున్నర గంటలు వెనుక, అక్కడ వారపు సెలవు శుక్రవారం.

చేసే విధానం

1. పిలుపు నిర్ణయించుకోండి.

రోజూ ఏమని పిలుస్తారో అదే పిలుపుతో మొదలుపెట్టండి. ఇరవై ఏళ్ళుగా "ఒరే మావా" అని పిలిచినవాణ్ణి ఒక్కసారిగా "ప్రియ మిత్రమా" అంటే అతను మొదట నవ్వుకుంటాడు, ఆ తరువాత ఇది ఎక్కడి నుంచి తెచ్చి అతికించాడా అని అనుమానిస్తాడు. బావ, మావ, అన్న, తమ్ముడు, ఏది మీ మధ్య ఉంటే అది రాయండి. అలాగని మన వైపు యాసను మొత్తం అక్షరాల్లోకి దించే ప్రయత్నం చేయకండి. "ఏటి", "నాను" వంటి మాటలు నోటిలో ఉన్నంత సహజంగా ఫోను తెరమీద ఉండవు, చదివేవారికి వెక్కిరింపులా కూడా కనిపించవచ్చు. ఒక్క మాట పడితే బాగుంటుంది, అయిదు పడితే వేషం అవుతుంది.

వయసులో పెద్దవారైన స్నేహితులు, కలిసి పనిచేసిన మేస్త్రీలు, సీనియర్లు అయితే "అన్నయ్యా" అనో "గారూ" అనో మొదలుపెట్టి "మీరు" అనండి, చివరి వరకు "మీరు" తోనే సాగండి. మొదటి వాక్యంలో "మీరు", మూడవ వాక్యంలో "నీ" రావడం తొందరలో చాలామంది చేసే పొరపాటు.

2. గర్వం ముందు రాయండి, దాన్ని పనికి ముడిపెట్టండి.

"నిన్ను చూసి గర్వంగా ఉంది" అనే వాక్యంలో అబద్ధం లేదు, కానీ అందులో అతను కూడా లేడు. అతను చేసినదేదో చెప్పండి, గర్వం అదే తెలుస్తుంది. ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. గర్వాన్ని జీతానికి, దేశానికి, విమానానికి ముడిపెట్టకండి. "నెలకు ఇంత సంపాదిస్తావు" అన్న మాట అతనికి పొగడ్తలా వినబడదు, ఎందుకంటే ఆ జీతంలో మొదటి కొన్ని నెలలది ఏజెంటుకు కట్టడానికి తెచ్చిన అప్పుకే పోవచ్చని మీకు తెలియకపోయినా అతనికి తెలుసు. పైగా ఆ సందేశం ఇంకొకరి కంటపడితే, ఇంటికి అప్పు అడగడానికి వచ్చేవారి సంఖ్య పెరుగుతుంది. పనితనం గురించి రాస్తే ఈ చిక్కు లేదు. అది అతనితోపాటు వెళ్ళేది, ఎవరూ అడిగి పుచ్చుకోలేనిది.

మన ఉదాహరణలో వాక్యం ఇలా వస్తుంది:

"కదలకుండా బిగించిన పైపు చుట్టూ నువ్వు వేసిన జాయింటు ఎక్స్‌రేలో కూడా మచ్చ లేకుండా వచ్చిందని తెలిసిన రోజు, అది నేనే వేసినట్టు ఊరంతా చెప్పుకుంటూ తిరిగాను."

ఈ వాక్యంలో "గర్వం" అనే మాట లేదు, "గొప్ప" లేదు. అయినా చదివినవాడికి అనుమానం మిగలదు.

3. దిగులుకు ఒక్క వాక్యమే ఇవ్వండి.

ఎక్కువమంది తడబడేది ఇక్కడే, కాబట్టి ఈ మెట్టు దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగుదాం. స్నేహితుడు వెళ్ళిపోతున్నాడన్న బాధ నిజమైనది, దాన్ని దాచిపెట్టి ఉత్త శుభాకాంక్షలు పంపితే సందేశం ఆఫీసు వీడ్కోలు సభలో చదివే కాగితంలా ఉంటుంది. కానీ బాధను పూర్తిగా వదిలేస్తే దాని బరువు వెళ్ళేవాడి మీద పడుతుంది. అతను ఇప్పటికే తల్లి కన్నీళ్ళు చూసి, చిన్న పిల్లలుంటే వాళ్ళు నిద్రపోయాక ఇల్లు దాటి వచ్చాడు. మీరు కూడా "నువ్వు లేకుండా ఎలా ఉండాలిరా" అని రాస్తే అతను రైలులో కూర్చుని మిమ్మల్ని ఓదార్చవలసి వస్తుంది.

దీనికి విరుగుడు ఏమిటంటే, మీ మనసు గురించి రాయకుండా ఖాళీ అయిన చోటు గురించి రాయడం. "బాధగా ఉంది", "గుండె బరువెక్కింది", "కన్నీళ్ళు ఆగడం లేదు" అనే వాక్యాలను పక్కన పెట్టి, అతను లేకపోవడం వల్ల ఫలానా రోజున ఫలానా పని ఎలా ఆగుతుందో చెప్పండి. అందులో చిన్న హాస్యం కలిస్తే ఇంకా మంచిది, ఎందుకంటే మన వైపు మగవాళ్ళు ఒకరి మీద ఒకరికి ఉన్న ప్రేమను ఎప్పుడూ ఎగతాళి రూపంలోనే చెప్పుకుంటారు, ఉన్నట్టుండి పద్ధతి మారిస్తే ఇద్దరికీ ఇబ్బందిగా ఉంటుంది.

"వచ్చే వేసవిలో పిక్కల బస్తా రెండో కొస పట్టడానికి మనిషిని వెతుక్కోవాలి, దొరికినా వాడు నీలాగ నన్ను తిడుతూ మోయడు."

ఈ వాక్యం మీద అతను నవ్వుతాడు, నవ్విన తరువాత కాసేపు కిటికీ వైపు చూస్తాడు. మీకు కావలసింది అంతే.

ఈ మెట్టులో మూడు మాటలు ఎట్టి పరిస్థితిలోనూ రాయకండి. "మళ్ళీ ఎప్పుడు చూస్తానో" అనేది అపశకునంలా వినబడుతుంది, ముఖ్యంగా ఆ ఇంట్లో పెద్దవారు జబ్బుతో ఉంటే. "మమ్మల్ని మరిచిపోకు" అనేది మీ దృష్టిలో ప్రేమ, అతని చెవికి ముందుగానే మోపిన నేరం. "ఇక్కడే ఏదో ఒక పని దొరికేది కదా" అనేది, టిక్కెట్టు చేతికి వచ్చాక, ఎవరికీ ఉపయోగం లేని వాదన. ఆ అభిప్రాయం మీకు నిజంగానే ఉంటే అతను పాస్‌పోర్టు ఏజెంటు చేతిలో పెట్టకముందు చెప్పవలసింది.

4. ధైర్యం చెప్పడానికి బదులు ఒక పని ఒప్పుకోండి.

"ధైర్యంగా ఉండు", "కష్టపడితే ఫలితం ఉంటుంది" అనే మాటలు ఎండలో పైపుల మధ్య నిలబడేవాడికి ఏమీ ఇవ్వవు. ఖతార్‌లో జూన్ 1 నుంచి సెప్టెంబరు 15 వరకు ఉదయం పది గంటల నుంచి మధ్యాహ్నం మూడున్నర వరకు ఆరుబయట పని చేయించరాదన్న నిబంధన ఉంది. ఎండ అక్కడ ఏ స్థాయిలో ఉంటుందో దీన్నిబట్టి ఊహించవచ్చు. అంత వేడిలో పని చేసేవాడికి కష్టపడమని ఇక్కడి నుంచి చెప్పనక్కర లేదు. అతన్ని అక్కడ నిద్రపోనివ్వనిది పని కన్నా ఇంటి మీది బెంగ. ఆ బెంగలో ఒక ముక్కను మీరు తీసుకోండి.

ఉద్దానంలో కిడ్నీ జబ్బు ఎన్ని ఇళ్ళను పట్టుకున్నదో అందరికీ తెలుసు. అందువల్ల ఇక్కడ "అమ్మానాన్నల గురించి బెంగ పడకు" అని ఊరికే రాయడం బోలు మాట అవుతుంది. ఎవరు, ఏ రోజు, ఏ బండి మీద అనేది ఉంటేనే అది మాట కింద లెక్క.

"మీ నాన్నని నెలనెలా పలాస ఆసుపత్రికి తీసుకెళ్ళే పని నాది, ఆ బెంగ నువ్వు అక్కడికి మోసుకుపోకు."

హెచ్చరిక: చేయగలిగినదే రాయండి. "మీ ఇల్లు మొత్తం నేను చూసుకుంటాను" అని రాసి మూడో నెలకు మానేస్తే, ఏమీ రాయనివాడి కంటే మీరే ఎక్కువ బాధ పెట్టినవారవుతారు. ఆసుపత్రికి తీసుకువెళ్ళే వీలు లేకపోతే చిన్నది ఒప్పుకోండి: పండగ రోజు వాళ్ళమ్మకు వీడియో కాల్ కలిపి ఇవ్వడం, కరెంటు బిల్లు ఫోనులో కట్టడం, వానాకాలానికి ముందు పైకప్పు ఎక్కి పెంకులు సర్దడం, ఏదైనా సరే.

ఫోను చేస్తానన్న మాట కూడా ఇక్కడే రాయవచ్చు, కాని అతని సమయం ప్రకారం రాయండి. శుక్రవారం అతనికి సెలవు. మనకు రాత్రి తొమ్మిదిన్నర అయితే ఖతార్‌లో, సౌదీలో, కువైట్‌లో ఏడు గంటలు, దుబాయ్‌లో ఎనిమిది గంటలు. వంట, భోజనం అయ్యే వేళ అది. "రోజూ ఫోన్ చెయ్యి" అని మాత్రం కోరకండి. పన్నెండు గంటల డ్యూటీ చేసి గదికి వచ్చేవాడికి అది మరో డ్యూటీ.

5. చివరి వాక్యం చిన్నదిగా, తిరిగి రావడం మీద ఉండాలి.

మన ఇళ్ళల్లో బయలుదేరేవాడు "వెళ్తాను" అనడు, "వెళ్ళొస్తాను" అంటాడు. పంపేవారు "వెళ్ళిరా" అంటారు. ముగింపుకు అంతకన్నా వెతకనక్కర లేదు. "ఆల్ ది బెస్ట్", "హ్యాపీ జర్నీ" తప్పు కాదు గాని, ముందు నాలుగు వాక్యాలు మీ ఇద్దరివి అయ్యాక చివరిది బస్సు వెనుక రాసి ఉండే మాట కావడం బాగుండదు. కోటీశ్వరుడివై రా, బంగళా కట్టు వంటి దీవెనలు కూడా వద్దు. వాటి సంగతి పరీక్షల దగ్గర చెబుతాను.

6. కలిపి రాసి, కోయండి.

మొత్తం ఇలా వస్తుంది:

"ఒరే మావా, కదలకుండా బిగించిన పైపు చుట్టూ నువ్వు వేసిన జాయింటు ఎక్స్‌రేలో కూడా మచ్చ లేకుండా వచ్చిందని తెలిసిన రోజు, అది నేనే వేసినట్టు ఊరంతా చెప్పుకుంటూ తిరిగాను. వచ్చే వేసవిలో పిక్కల బస్తా రెండో కొస పట్టడానికి మనిషిని వెతుక్కోవాలి, దొరికినా వాడు నీలాగ నన్ను తిడుతూ మోయడు. మీ నాన్నని నెలనెలా పలాస ఆసుపత్రికి తీసుకెళ్ళే పని నాది, ఆ బెంగ నువ్వు అక్కడికి మోసుకుపోకు. శుక్రవారం రాత్రి నేనే ఫోన్ చేస్తాను, ఎత్తకపోయినా ఏమీ అనుకోను. వెళ్ళిరా."

దీన్ని, మొదట చేతికి వచ్చే రకపు సందేశం పక్కన పెట్టి చూడండి:

"ప్రియ మిత్రమా, నువ్వు విదేశాలకు వెళ్తున్నందుకు చాలా గర్వంగా ఉంది, కానీ నువ్వు దూరమవుతున్నందుకు చాలా బాధగా కూడా ఉంది. నీ కష్టానికి తగిన ఫలితం దక్కాలని, ఉన్నత శిఖరాలను అధిరోహించాలని మనస్ఫూర్తిగా కోరుకుంటున్నాను. ఎంత ఎత్తుకు ఎదిగినా మమ్మల్ని మరిచిపోకు. ఆల్ ది బెస్ట్."

రెండవదానిలో గర్వమూ బాధా ఒకే వాక్యంలో "కానీ"తో ఎదురెదురుగా నిలబడి ఒకదాన్నొకటి చెరిపేసుకున్నాయి. రెండింటికీ వేర్వేరు వాక్యాలు ఇచ్చి, మధ్యలో "కానీ", "అయినా" వంటివి తీసేస్తే ఏదీ తగ్గదు. వరుస కూడా చూడండి: గర్వం ముందు, దిగులు మధ్యలో, భరోసా ఆఖరున. దిగులును చివర పెడితే అతను ఫోను జేబులో పెట్టుకున్నాక మిగిలేది అదే.

కోయవలసి వస్తే ముందు విశేషణాలను, తరువాత సామెతలను తీసేయండి. సందేశం ఫోను తెరమీద పైకి జరపకుండా ఒక్క చూపులో కనబడాలి. దాదాపు యాభై, అరవై మాటలు అందుకు సరిపోతాయి.

7. పంపే వేళ.

వీసా స్టాంపింగ్ అయిందని వినగానే పంపవద్దు. టిక్కెట్టు తేదీ మారడం, ప్రయాణం రెండు వారాలు వాయిదా పడడం ఈ దారిలో మామూలే, ఒకసారి వీడ్కోలు చెప్పించుకున్నవాడు మళ్ళీ వీధిలో కనబడడానికి సిగ్గుపడతాడు. బయలుదేరే ముందు రాత్రి కూడా వద్దు, ఆ రాత్రి ఇంటినిండా చుట్టాలు, సూట్‌కేసు బరువు తూకాలు, ఊరగాయ సీసా మూత బిగింపులు. విమానాశ్రయంలో అతని ధ్యాస కాగితాల మీద ఉంటుంది. దిగాక కొత్త సిమ్ కార్డు వచ్చేవరకు ఏమీ చూడలేకపోవచ్చు.

సరైన వేళ రైలు కదిలిన అరగంట తరువాత. పలాసలో ఎక్కినవాడు విశాఖపట్నం చేరేలోపు రెండు మూడు గంటలు ఖాళీగా కూర్చుంటాడు, స్టేషనుకు వచ్చినవాళ్ళ హడావిడి అప్పటికి వెనుకబడి ఉంటుంది. విజయనగరంలో ఎక్కి రాత్రంతా హైదరాబాదు ప్రయాణం చేసేవాడికైతే భోజనం అయ్యే వేళకు పంపండి.

కాగితం మీద రాసి ఇవ్వదలచినవారు దాన్ని పాస్‌పోర్టులో పెట్టకండి. ఆ పుస్తకాన్ని దారిలో చాలామంది తెరుస్తారు, కాగితం జారి ఎక్కడో పడిపోతుంది. సూట్‌కేసులో చొక్కాల మడతల మధ్య పెట్టించండి, గదికి చేరి బట్టలు తీసేటప్పుడు కనబడుతుంది.

స్టేటస్‌లో పెట్టేది వేరు

పైన రాసిన సందేశం అతని కోసం మాత్రమే. ఊరంతా చూసే స్టేటస్‌లో తండ్రి ఆసుపత్రి మాట ఉండకూడదు, ఇంట్లో మగదిక్కు లేదని తెలిపే మాటా ఉండకూడదు. స్టేటస్ పెట్టాలనుకుంటే, అతను అక్కడ దిగిన కబురు అందాక, ఒక ఫోటోతో రెండు వాక్యాలు చాలు: "సిక్స్ జీ వెల్డర్ మా ఊరివాడు. రెండేళ్ళలో తిరిగొస్తాడు, అప్పటిదాకా జీడితోట పని నాకు తప్పదు." ఆ ఫోటోలో టిక్కెట్టు, బోర్డింగ్ పాస్, పాస్‌పోర్టు పేజీ కనబడకుండా చూసుకోండి. వాటి మీది నంబర్లు బయటి వారి చేతిలో పడితే అతనికి చిక్కులు రావచ్చు.

స్నేహితురాలైతే

ఇదే పద్ధతి, ఒక్క జాగ్రత్త ఎక్కువ. విజయనగరం నుంచి జర్మనీకి నర్సుగా వెళ్తున్న అమ్మాయికి రాసే సందేశాల్లో సగం పెళ్ళి ప్రస్తావనతోనో, "ఒంటరిగా ఎలా ఉంటావో" అన్న భయంతోనో నిండి ఉంటాయి. ఆమె ఆ ప్రశ్నలను ఇంట్లో చాలాసార్లు ఎదుర్కొని గెలిచాకే టిక్కెట్టు కొనుక్కున్నది, మీరు మళ్ళీ అడగకండి. గర్వపు వాక్యానికి ఆమె దగ్గర కావలసినంత ఉంటుంది: రాత్రి డ్యూటీ చేస్తూ కొత్త భాష నేర్చుకుని పరీక్ష రాసింది కదా.

"ఏమే, రాత్రి డ్యూటీ దిగి వచ్చి జర్మన్ పుస్తకం పట్టుకునేదానివి, ఆ భాషలో నువ్వు పరీక్ష నెగ్గిన రోజు మా ఇంట్లో కూడా పండగే. ఈ ఏడు సిరిమాను చూడ్డానికి మూడు లాంతర్ల దగ్గర తోపులాటలో నా చెయ్యి పట్టుకునేవాళ్ళు లేరు. ఆ మంగళవారం నీకు వీడియో కలుపుతాను, అక్కడ మధ్యాహ్నం అవుతుంది, వీలు చేసుకో. వెళ్ళిరా తల్లీ."

విజయదశమి తరువాత వచ్చే మంగళవారం పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం జరుగుతుంది. అక్టోబరు చివరి ఆదివారం వరకు జర్మనీ మనకు మూడున్నర గంటలు వెనుక, ఆ తరువాత మార్చి వరకు నాలుగున్నర గంటలు. ఇక్కడ సాయంత్రం సిరిమాను కదిలే వేళకు ఆమెకు పగలే కాబట్టి డ్యూటీ లేకపోతే చూడగలదు. ఇలా తేదీ, వేళ ఉన్న మాట ఒకటి ఉంటే, భరోసా వాక్యం వేరే రాయనక్కర లేదు.

సరిగా వచ్చిందా లేదా చూసుకోవడం

ఈ పరీక్షలకు అయిదు నిమిషాలు పట్టదు, దయచేసి మానకండి.

పేరు మార్చి చూడండి. ఇదే సందేశాన్ని నిరుడు వెళ్ళిన మరొక స్నేహితుడికి పంపినా అతుకుతుందా? అతికితే మొదటి, రెండవ వాక్యాలు మళ్ళీ రాయాలి.

వాళ్ళమ్మకు చదివి వినిపించినట్టు ఊహించుకోండి. అతను దాన్ని ఇంట్లో చూపిస్తాడు, లేదా రైలులోంచి ఇంటికి పంపిస్తాడు. ఆమె వినకూడని మాట, ఆమెను ఏడిపించే మాట ఉంటే తీసేయండి.

ఆరు నెలలకే తిరిగి వచ్చాడనుకోండి. కంపెనీ పని ఆపేయవచ్చు, ఆరోగ్యం సహకరించకపోవచ్చు, ఒప్పుకున్న పని ఒకటై చేయించే పని మరొకటి కావచ్చు. అలా వచ్చినవాడు ఫోనులో మీ సందేశాన్ని మళ్ళీ చూస్తే తల దించుకోవలసి వస్తుందా? "కోటీశ్వరుడివై రా" అనే దీవెన ఇక్కడే బెడిసికొడుతుంది. మచ్చ లేని జాయింటు గురించిన మాట అప్పుడు కూడా నిజమే.

"నేను", "నాకు", "నా" ఎన్నిసార్లు వచ్చాయో చూడండి. "నువ్వు", "నీ" కంటే అవి బాగా ఎక్కువైతే మీరు వీడ్కోలు రాయలేదు, మీ బాధ రాసుకున్నారు. మన ఉదాహరణలో కూడా "నేను" ఉంది, కాని ప్రతిసారీ అది ఏదో పని చేస్తూ ఉంది: ఊరంతా తిరిగింది, మనిషిని వెతికింది, ఫోను చేస్తానంది.

చివరగా ఒకసారి పైకి చదవండి. ఫోనులో నోటితో చెప్పి టైప్ చేయించినవారు ఇది తప్పక చేయాలి, ఎందుకంటే ఒత్తులు, దీర్ఘాలు తప్పిపోయి "పిక్క" కాస్తా మరొకటై కూర్చుంటుంది. తెలుగును ఇంగ్లీషు అక్షరాల్లో రాసే అలవాటు ఉన్నవారు ఈ ఒక్కసారికి తెలుగు కీబోర్డు పెట్టుకోండి, ఆ మాటను అతను అక్కడ చాలాసార్లు తెరిచి చదువుకుంటాడు.

పంపిన తరువాత

జవాబుగా ఒక బొటనవేలు బొమ్మ మాత్రమే వస్తే చిన్నబుచ్చుకోకండి, పక్కన బావమరిది కూర్చుని ఉండగా అంతకంటే రాయడం కష్టం. "చూశావా, ఎలా ఉంది" అని అడగవద్దు. ఆ రోజు ఇంకేమీ పంపవద్దు కూడా. విమానం బొమ్మలు, పాట ముక్కలు, పూల ఫార్వర్డులు వరసగా వెళితే మీరు రాసిన నాలుగు మాటలు పైకి జరిగిపోతాయి.

ఆలస్యమై, అతను వెళ్ళిపోయాక గుర్తుకు వచ్చినవారు క్షమాపణలతో మొదలుపెట్టనక్కర లేదు. మొదటి జీతం అందేలోపు, అంటే గది కొత్తగా, తిండి సరిపడక ఉండే ఆ తొలి నెలలో ఏ శుక్రవారమైనా పంపండి. అప్పుడు "వెళ్ళిరా"కు బదులు ఆఖరి వాక్యంలో ఊరి కబురు ఒకటి పెట్టండి: తోట పూత ఎలా ఉందో, వాళ్ళ వీధి బోరు బాగు చేశారో లేదో.

ఇక ఆసుపత్రి తేదీ. సందేశం పంపిన చేత్తోనే దాన్ని మీ ఫోను క్యాలెండరులో, ముందు రోజు సాయంత్రం మోగేట్టు పెట్టుకోండి. తీసుకువెళ్ళి వచ్చిన రోజున "వెళ్ళొచ్చాం, మందులు తీసుకున్నాం" అని అతనికి ఒక ముక్క పంపండి, ప్రిస్క్రిప్షన్ ఫోటో దానికి జతచేయండి.